‘ఒక్క బటనే కదా’ అని క్లయింట్ అడిగినప్పుడు

కూకట్‌పల్లిలో ఒక పళ్ళ క్లినిక్ ఉందనుకుందాం. ఇద్దరు డాక్టర్లు, మూడు కుర్చీలు, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి. ఏడు పేజీల వెబ్‌సైట్‌కి 60,000 రూపాయలకు ఒప్పందం కుదిరింది. అడ్వాన్స్ 24,000, డిజైన్ ఓకే అయ్యాక 18,000, సైట్ అప్పగించే రోజున మిగతా 18,000. జీఎస్టీ అదనం. డిజైన్ ఓకే అయిపోయింది, ఐదు పేజీలు తయారయ్యాయి, అప్పగించడానికి ఇంకో పది రోజులుంది. అప్పుడు రాత్రి పూట డాక్టర్ గారి దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్: “అంతా చాలా బాగొచ్చిందండీ. ఒక్క చిన్న పని. పేషెంట్లు సైట్‌లోనే అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుని, కన్సల్టేషన్ ఫీజు అక్కడే కట్టేసేలా ఒక బటన్ పెట్టెయ్యండి. ఒక్క బటనే కదా.”

ఈ ఊళ్ళో ఫ్రీలాన్స్‌గానో, ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న ఆఫీసు పెట్టుకునో సైట్లు చేసేవాళ్ళలో చాలామంది దీనికిచ్చే జవాబు ఒకటే: “చూద్దాం సార్.” నా వాదనంతా ఈ జవాబు మీదే. క్లయింట్‌తో సంబంధం చెడేది కుదరదని చెప్పినందుకు కాదు, ‘చూద్దాం’ అని ఊరుకున్నందుకు. డాక్టర్ గారు దాన్ని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. అందులో ఆయన తప్పేమీ లేదు. మర్నాడు రిసెప్షన్ అమ్మాయికి చెబుతారు, భార్యకు చెబుతారు, వచ్చిన పేషెంట్లకూ “వచ్చే నెల నుంచి ఆన్‌లైనే” అంటారు. పది రోజుల తర్వాత సైట్ అప్పగించబోతే “మరి బుకింగ్ ఏదీ?” అని అడుగుతారు. అప్పుడు లేదంటే మాట తప్పినట్టు అవుతుంది. మొదటి రోజే ధర చెప్పి ఉంటే అది మామూలు బేరం. పదకొండో రోజున చెబితే మోసంలా కనిపిస్తుంది. చెప్పే విషయం ఒకటే అయినా చెప్పిన రోజు మారింది.

కాబట్టి జవాబు ఒక రోజు లోపల వెళ్ళాలి. అయితే ఆ రోజులో ముందుగా చెయ్యాల్సింది జవాబు రాయడం కాదు, లెక్క వెయ్యడం. ఆ ‘ఒక్క బటన్’ వెనక ఎంత పనుందో చేసేవాడికే సరిగ్గా తెలియకపోతే, ధర చెప్పేటప్పుడు గొంతు తడబడుతుంది, రెండు నిమిషాల్లో సగానికి దిగిపోతుంది.

బుకింగ్‌లో మొదటి చిక్కు టైమ్ స్లాట్లు. పళ్ళు క్లీన్ చెయ్యడానికి అరగంట చాలు, రూట్ కెనాల్‌కి గంట పడుతుంది. రెండో డాక్టర్ సాయంత్రాలు మాత్రమే వస్తారు. ఆదివారం సగం పూటే. పండగ సెలవులు, డాక్టర్ గారు హఠాత్తుగా ఊరెళ్ళే రోజులు, ఇవన్నీ రిసెప్షన్ అమ్మాయి తనే మార్చుకోగలిగేలా ఒక స్క్రీన్ కావాలి. దీనికే 14 గంటలు. తర్వాత పేషెంట్‌కి కనిపించే ఫారం. ఆరున్నర స్లాట్ ఇద్దరు ఒకేసారి నొక్కితే ఒకరికే దక్కాలి. ఒకరు డబ్బు కడుతున్నంతసేపూ, పది నిమిషాలనుకుందాం, ఆ స్లాట్ ఇంకొకరికి కనబడకూడదు. కట్టకుండా వెళ్ళిపోతే మళ్ళీ తెరుచుకోవాలి. దీనికి 8 గంటలు.

అన్నిటికంటే మోసపోయేది పేమెంట్ దగ్గర. గేట్‌వే కలపడం గంట పనే అనిపిస్తుంది, కలిపేదాకా నిజమే కూడా. ఆ తర్వాత ఒక పేషెంట్ యూపీఐ యాప్‌లో డబ్బు కట్టి, తిరిగి సైట్‌కి వచ్చేలోపు సిగ్నల్ పోతుంది. డబ్బు కట్ అయింది, సైట్‌లో మాత్రం బుకింగ్ లేదు. ఆ పేషెంట్ ఫోన్ చేసేది క్లినిక్‌కి, డాక్టర్ గారు ఫోన్ చేసేది మనకు. ఇలా జరగకుండా ఉండాలంటే బుకింగ్ ఖాయం చేసేది పేషెంట్ బ్రౌజర్ తిరిగి రావడం కాకూడదు. గేట్‌వే సర్వర్ నేరుగా మన సర్వర్‌కి పంపే సమాచారాన్ని పట్టుకుని ఖాయం చెయ్యాలి. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి పంపే ఏర్పాటు కూడా ఉండాలి. ఇదంతా 10 గంటలు. మెసేజులకు 5, పరీక్షించడానికి 6, రిసెప్షన్ అమ్మాయికి నేర్పడానికి 2. మొత్తం 45 గంటలు.

గంటకు 800 చొప్పున అసలు సైట్ 75 గంటల పని. అంటే డాక్టర్ గారు ఒక్క బటన్ అనుకుంటున్నది ఒప్పుకున్న పనిలో 60 శాతం. ఆయనకు ఇది తెలిసే అవకాశమే లేదు. పేషెంట్ “చిన్న నొప్పే కదా డాక్టర్ గారూ, ఒక మాత్ర రాసివ్వండి” అంటే ఎక్స్‌రే తియ్యాలని ఆయన ఎలా చెబుతారో, ఇక్కడ మనం అలా చెప్పాలి. అడిగాడని కోపగించుకోవడం దండగ.

45 గంటలకు 36,000 అవుతుంది. ఇలా మధ్యలో వచ్చిన పనికి 15 శాతం అదనంగా వేసుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం. ముందే అయిపోయిన పేజీలను మళ్ళీ తెరిచి కదపాలి, అన్నిటినీ మళ్ళీ పరీక్షించాలి. ఆ 5,400 కలిపితే 41,400.

జీఎస్టీ సంగతి ఇక్కడే ఆలోచించాలి. మామూలు వ్యాపార క్లయింట్ అయితే మనకు కట్టిన 18 శాతాన్ని తన పన్నులోంచి తగ్గించుకుంటాడు, కాబట్టి “జీఎస్టీ అదనం” అంటే పెద్దగా పట్టించుకోడు. క్లినిక్‌కి ఆ వీలు లేదు. వైద్య సేవ మీద జీఎస్టీ లేదు కాబట్టి తగ్గించుకోవడానికి అటు పక్క పన్నే ఉండదు. డాక్టర్ గారికి ఆ 7,452 రూపాయలు పూర్తిగా చేతి చమురే. అందుకే క్లినిక్‌కి, స్కూల్‌కి కోట్ ఇచ్చేటప్పుడు మొత్తం 48,852 అని పన్ను కలిపి చెప్పాలి. 41,400 అని చెప్పి, ఇన్వాయిస్‌లో ఇంకో ఏడు వేలు చూపిస్తే పడే చిరాకు ధర ఎక్కువని పడే చిరాకుకంటే పెద్దది. మన టర్నోవర్ ఏడాదికి 20 లక్షల లోపే ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోకపోతే జీఎస్టీ వసూలు చెయ్యనే కూడదు. అప్పుడు ధర 41,400తో సరి.

లెక్క తేలింది. ఇక జవాబు. వాయిస్ మెసేజ్‌కి వాయిస్ మెసేజ్‌తో జవాబివ్వొద్దు, మూడు నెలల తర్వాత అందులో ఏముందో వెతికి తియ్యడం ఎవరి వల్లా కాదు. అలాగని ఏకంగా రాతలో పంపినా బాగుండదు. అంతకుముందు దాకా ఫోన్లో సరదాగా మాట్లాడినవాడు హఠాత్తుగా పాయింట్ల వారీగా మెసేజ్ పెడితే లాయర్ నోటీసులా ఉంటుంది. ముందు ఫోన్, అదే రోజు రాత. ఫోన్ చెయ్యడానికి డాక్టర్లకు ఓపీ మొదలవకముందు, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతం మంచిది. పేషెంట్ కుర్చీలో ఉండగా ధర చెబితే వచ్చే జవాబు “సరే సరే, తర్వాత మాట్లాడదాం” అనే.

ఫోన్లో ముందుగా అడగాల్సింది ధర గురించి కాదు: “సార్, బుకింగ్ పెడితే మీకు ఏ ఇబ్బంది తగ్గాలి?” చాలాసార్లు అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఫోన్లు ఎత్తలేకపోతున్నారు, అంతే. లేదా అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్ళు ఎక్కువయ్యారు. మొదటిదానికి 41,400 పెట్టక్కర్లేదు. రెండోదానికి ముందుగా డబ్బు కట్టించుకోవడం నిజంగానే పనికొస్తుంది. ఈ ఒక్క ప్రశ్న అడిగినవాడికి ఇవ్వాల్సిన దారులు వాటంతటవే దొరుకుతాయి. నిజాయితీగా చెప్పాలంటే, పెద్ద పని అమ్ముకునే అవకాశం కూడా కొన్నిసార్లు ఇక్కడే పోతుంది. పోనివ్వండి.

ఆ తర్వాత వెళ్ళే మెసేజ్ ఇలా ఉండొచ్చు:

> డాక్టర్ గారూ, నమస్తే. ఉదయం ఫోన్లో మాట్లాడుకున్నవి రాసి పెడుతున్నాను.
>
> ఆన్‌లైన్ బుకింగ్, పేమెంట్ మనం మొదట రాసుకున్న ఏడు పేజీల పనిలో లేవు. కాబట్టి ఆ 60,000 లోనే చెయ్యలేను. మీకు అవసరమైనదే కాబట్టి మూడు విధాలుగా చెయ్యొచ్చు.
>
> 1) సైట్‌లో వాట్సాప్ బటన్. నొక్కితే క్లినిక్ నంబర్‌కి ‘అపాయింట్‌మెంట్ కావాలి’ అని మెసేజ్ వస్తుంది. దీనికి డబ్బు అక్కర్లేదు, ఇప్పటి సైట్‌తోనే ఇస్తాను.
>
> 2) రిక్వెస్ట్ ఫారం. పేషెంట్ తనకు వీలైన రోజు, ఉదయమా సాయంత్రమా అన్నది పెడతారు. మీ రిసెప్షన్ ఫోన్ చేసి ఖాయం చేస్తుంది. జీఎస్టీతో కలిపి 9,440. నాలుగు పని రోజులు.
>
> 3) పూర్తి బుకింగ్, ఫీజు ఆన్‌లైన్‌లో. జీఎస్టీతో కలిపి 48,852. అడ్వాన్స్, గేట్‌వే అకౌంట్ రెండూ అందాక మూడు వారాలు. గేట్‌వే కమిషన్, మెసేజ్ చార్జీలు మీవి.
>
> 2 గానీ 3 గానీ అయితే సైట్ అప్పగించాక విడిగా మొదలుపెడదాం, సగం అడ్వాన్స్. ఏది ఎంచుకున్నా, ఏదీ వద్దన్నా, ఇప్పటి సైట్ 20వ తేదీకి ఇచ్చేస్తాను. దాని బ్యాలెన్స్ 18,000, జీఎస్టీ ఆ రోజుకే. ఈ రేట్లు నెలాఖరు దాకా. శుక్రవారంలోగా 1, 2, 3 లో ఏదో నంబర్ పెడితే చాలు.

ఇందులో ‘చెయ్యలేను’ అన్న మాట ఒక్కసారే ఉంది, అదీ ‘ఆ 60,000 లోనే’ అన్నదానికి కట్టుబడి. క్షమాపణ లేదు. మనవాళ్ళకు ఇక్కడ “ఏమీ అనుకోకండి సార్, మాకూ ఖర్చులుంటాయి, కుర్రాళ్ళకు జీతాలివ్వాలి” అని మొదలుపెట్టే అలవాటుంది. అది చెప్పిన మరుక్షణం సంభాషణ మన ఖర్చుల మీదికి పోతుంది, వాటిని ఎలా తగ్గించుకోవచ్చో డాక్టర్ గారు సలహా ఇవ్వడం మొదలుపెడతారు. చెప్పాల్సిన కారణం ఒక్కటే: మొదటి కాగితంలో ఇది లేదు.

అన్నిటికంటే బరువైన వాక్యం 20వ తేదీది. అదనపు పని వల్ల జరిగే అసలు నష్టం ఆ 45 గంటలు కాదు, చివరి 18,000 ఇరుక్కుపోవడం. కొత్త పని పాత పనిలో కలిసిపోతే “అది కూడా అయ్యాక మొత్తం ఇచ్చేద్దాం” అంటారు. అది అయ్యేలోపు గేట్‌వే వాళ్ళు ఏదో కాగితం అడుగుతారు, డాక్టర్ గారు వారం పాటు కాన్ఫరెన్స్‌కి వెళతారు, రెండు నెలలు గడిచిపోతాయి. పూర్తయిన సైట్ డబ్బు, పూర్తికాని బుకింగ్ కోసం ఆగిపోతుంది. అందుకే రెండిటికీ వేర్వేరు కోట్లు, వేర్వేరు అడ్వాన్సులు, వేర్వేరు ఇన్వాయిస్‌లు. మూడో దారి ఎంచుకుంటే పని మొదలయ్యే ముందు 20,700, దాని మీద జీఎస్టీ, అకౌంట్‌లో పడాలి. అప్పగింత తేదీ ఒక్క రోజు కూడా కదపొద్దు. “ఎలాగూ మూడు వారాల్లో వస్తోంది కదా, రెండూ కలిపి లాంచ్ చేద్దాం” అని క్లయింట్ ఉత్సాహంగా అంటారు. ఉత్సాహం మంచిదే. లాంచ్ ఫంక్షన్ ఎప్పుడైనా పెట్టుకోమనండి, అప్పగింత మాత్రం 20నే జరగాలి.

మొదటి దారిని ఉచితంగా పెట్టడం వెనక కూడా లెక్క ఉంది. అది అరగంట పని. ఇంతే:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Appointment%20kavali
```

నంబర్ ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు. ఉంటే లింక్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. డాక్టర్ గారి సొంత నంబర్ ఇవ్వొద్దు, క్లినిక్‌కి వేరే నంబర్ మీద వాట్సాప్ బిజినెస్ పెట్టించాలి. లేకపోతే అర్ధరాత్రి పంటి నొప్పి మెసేజులన్నీ ఆయన ఫోన్‌కి వచ్చి, పది రోజుల్లో “ఆ బటన్ తీసెయ్యండి” అంటారు. ఈ చిన్న పనితో ఒక మెట్టు దిగినట్టు కనిపిస్తాం, పైగా క్లినిక్‌కి అది రేపట్నుంచే ఉపయోగపడుతుంది. అయితే ఇన్వాయిస్‌లో దీన్ని తప్పకుండా రాయాలి: వాట్సాప్ బటన్, 400, తగ్గింపు, 400, ఇవ్వాల్సింది సున్నా. కాగితం మీద కనిపించని ఉచితాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. వచ్చే నెల ఇంకో ‘చిన్న పని’ వచ్చినప్పుడు ఆ గీత కనిపిస్తే, దానికీ ఒక ధర ఉంటుందని చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. నా లెక్కలో ఇంత సైజు ప్రాజెక్టులో ఇలాంటివన్నీ కలిపి మూడు గంటలు దాటకూడదు.

ఇలా ప్రతిదాన్నీ ధరతో రాసిపెట్టడానికి చట్టం వైపు నుంచి కూడా ఒక కారణముంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరికి చట్టబద్ధంగా ఏదైనా పని చేసిపెట్టి, ఆ రెండో మనిషి దాని లాభం పొందితే, పరిహారం ఇవ్వాల్సిందేనని అది చెబుతుంది. అంటే రాతపూర్వక ఒప్పందం లేని అదనపు పనికి కూడా డబ్బు అడిగే హక్కు మొత్తంగా పోదు. కానీ ‘ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా’ అన్నదాన్ని మనమే చూపించాలి. “పర్లేదు సార్, చేసేస్తాను” అని వాట్సాప్‌లో పెట్టినవాడు దాన్నెలా చూపిస్తాడు? పదిహేను, ఇరవై వేల కోసం ఎవరూ కోర్టు మెట్లెక్కరు, నిజమే. కానీ ఇరుపక్షాలకూ తెలిసిన పెద్దమనిషి ముందు పంచాయితీ పడినా అడిగేది ఇదే ప్రశ్న. మరోవైపు, డాక్టర్ గారు ‘2’ అని రిప్లై పెడితే అది ఒప్పందమే. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ అంటుంది. నంబర్ పెట్టమని అడగడం అందుకే. థంబ్స్ అప్ బొమ్మ దేన్ని ఒప్పుకున్నట్టో తర్వాత ఎవరికీ తెలియదు.

ఇక రెండో దారి, 9,440ది. నిజం చెప్పాలంటే ఇలాంటి క్లినిక్‌కి సరిపోయేది అదేనని నేను గట్టిగా అంటాను. పూర్తి బుకింగ్ పెట్టిన చిన్న క్లినిక్‌లలో పని చెడేది సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, రిసెప్షన్ బల్ల దగ్గర. నేరుగా వచ్చినవాళ్ళ పేర్లు, ఫోన్ చేసినవాళ్ళ పేర్లు ఆ అమ్మాయి పాత రిజిస్టర్‌లోనే రాస్తుంది, కంప్యూటర్‌లో ఎక్కించదు. సైట్‌కి ఆరున్నర ఖాళీగానే కనిపిస్తుంది, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టిన పేషెంట్ వచ్చేసరికి కుర్చీలో ఇంకొకరుంటారు. నెల తిరక్కుండానే బుకింగ్ మూసేస్తారు, ఆ 48,852 దండగ అవుతుంది, చెడ్డ పేరు మనకొస్తుంది. కాబట్టి మూడో దారి ఎంచుకునేవాళ్ళకు ముందే ఒక షరతు చెప్పాలి: వారం పాటు ప్రతి పేషెంట్‌నీ, నడిచి వచ్చినవాళ్ళతో సహా, ఒక మామూలు గూగుల్ క్యాలెండర్‌లో ఎక్కించి చూడండి. అది జరిగితే బుకింగ్ నడుస్తుంది. జరగకపోతే ఫారమే చాలు. కొనొద్దని చెప్పగలిగిన చోట క్లయింట్‌కి మన మీద నమ్మకం పెరుగుతుంది, ఆ తర్వాత మనం చెప్పే ధరల మీద బేరం తగ్గుతుంది.

మూడో దారిలో క్లినిక్ తరఫున జరగాల్సిన పనుల్ని కూడా కోట్‌లోనే రాయాలి, మూడు వారాల గడువు వాటి తర్వాతే మొదలవ్వాలి. గేట్‌వే అకౌంట్ క్లినిక్ పేరు మీదే ఉండాలి. పాన్, బ్యాంక్ వివరాలు, రిజిస్ట్రేషన్ కాగితం వాళ్ళే ఇవ్వాలి. సైట్‌లో ప్రైవసీ, రిఫండ్ నిబంధనల పేజీలు లేకపోతే గేట్‌వే వాళ్ళు ఒప్పుకోరు. వాటిలో ఏముండాలో తేల్చాల్సింది డాక్టర్ గారు. పేషెంట్‌కి ఎస్సెమ్మెస్ వెళ్ళాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో క్లినిక్ పేరును, పంపే మెసేజ్ నమూనాను ముందే నమోదు చేయించాలి. నమోదు లేని మెసేజ్ అసలు వెళ్ళదు. “తొందరగా కావాలి, ప్రస్తుతానికి మీ అకౌంట్‌లోనే డబ్బు పడేలా పెట్టండి, తర్వాత పంపిద్దురు” అన్న మాట తప్పకుండా వస్తుంది. దీనికి మాత్రం ధర కూడా చెప్పకుండా కుదరదనెయ్యాలి. పేషెంట్ ఫీజు మన అకౌంట్‌లో పడితే లెక్కల్లో అది మన ఆదాయంగా కనిపిస్తుంది, రిఫండ్ తగాదాలు మన తలకు చుట్టుకుంటాయి, గేట్‌వే నిబంధనలకూ అది విరుద్ధం.

డాక్టర్ గారి నుంచి వచ్చే ఎదురుమాటలు ఎక్కువ రకాలు ఉండవు. మొదటిది, “ఇది మొదట్లోనే చెప్పాను కదా.” వెంటనే కాదనొద్దు, పాత కోట్ తెరిచి చూడాలి. అందులో ‘అపాయింట్‌మెంట్ సౌకర్యం’ అని ఎక్కడైనా గోడమీది పిల్లిలా రాసి ఉంటే తప్పు రాసినవాడిదే, అంటే మనదే. అప్పుడు రెండో దారిని ఉచితంగా ఇచ్చి, మూడోదానికి మాత్రం ధర చెప్పడం మర్యాద. అలాగే ఫోన్లో సైట్ సరిగ్గా కనిపించకపోవడం, మ్యాప్‌లో క్లినిక్ తప్పు చోట చూపించడం, కాంటాక్ట్ ఫారం మెయిల్ రాకపోవడం లాంటివి అదనపు పనులు కావు. వాటికి డబ్బడిగితే గౌరవం పోతుంది. కోట్‌లో అసలు ఆ ఊసే లేకపోతే, దాని ఫోటో పంపి “ఇందులో లేదు సార్, మాటల్లో వచ్చి ఉంటే రాసుకోవడం నా బాధ్యత, ఇప్పుడు రాస్తున్నాను” అంటే సరిపోతుంది.

రెండోది, “వేరేవాళ్ళు ఐదు వేలకే చేస్తామంటున్నారు.” అబద్ధం కాకపోవచ్చు. రెడీమేడ్ ప్లగిన్ పెట్టి అంతకే ఇచ్చేవాళ్ళున్నారు, కొన్ని క్లినిక్‌లకు అది సరిపోతుంది కూడా. దాన్ని తీసిపారెయ్యకుండా ఇలా అనొచ్చు: “చేయించుకోండి సార్, 20న నేను అప్పగించాక వాళ్ళు పెట్టుకోవచ్చు. ఒక్క సంగతి, వాళ్ళు చేతులు పెట్టాక సైట్‌లో ఏదైనా ఆగిపోతే, ఏ మార్పు వల్ల ఆగిందో వెతకడానికి గంట లెక్కన తీసుకుంటాను.” ఇది బెదిరింపులా వినిపించకూడదు, ముందే తెలియాల్సిన విషయంలా వినిపించాలి. అప్పగించే రోజున సైట్ బ్యాకప్ ఒకటి తీసి తేదీతో వాళ్ళకీ ఇచ్చి ఉంచితే, తర్వాత ఎవరి మార్పు ఏదో వాదించుకోనక్కర్లేదు.

మూడోది ఈ ఊళ్ళో తరచుగా వినిపించేది: “ఇది చేసిపెట్టండి, మియాపూర్‌లో, నిజాంపేటలో బ్రాంచీలు పెడుతున్నాం, అవన్నీ మీకే.” రాబోయే పనికి తగ్గింపును ఇప్పటి పనిలో ఇవ్వడం లాంటి పొరపాటు ఇంకోటి లేదు. తగ్గింపు ఇవ్వండి, కానీ ఆ పనిలోనే ఇవ్వండి: “మియాపూర్ బ్రాంచి సైట్‌కి అడ్వాన్స్ వచ్చిన రోజున దాని మీద 10 శాతం తగ్గిస్తాను, ఇప్పుడే రాసిస్తాను.” బ్రాంచి నిజంగా వస్తే ఇద్దరికీ లాభం. రాకపోతే మన చేతి నుంచి పోయిందేమీ లేదు, ఎవరూ ఎవరినీ కాదనలేదు.

బడ్జెట్ నిజంగానే లేదంటే మార్పిడి ఒకటుంది. మిగిలిన రెండు పేజీల్లో ఒకటి బ్లాగు అనుకుందాం, ఇంకా ముట్టుకోలేదు, దానికి 10 గంటలు పడుతుంది. దాన్ని వదిలేసి ఆ స్థానంలో రిక్వెస్ట్ ఫారం ఇవ్వొచ్చు, గంటకు గంట, ధర మారదు. మొదలుపెట్టని పనిని మాత్రమే ఇలా మార్చాలి. సగం అయినదాన్ని మారిస్తే ఆ సగానికి డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న మిగిలిపోతుంది.

చివరిగా, మధ్యవర్తి గురించి. ఈ క్లినిక్ మనకు ఎవరో తెలిసినాయన చెప్పడం వల్ల వచ్చి ఉంటుంది, హైదరాబాద్‌లో చిన్న ఆఫీసులకు పని వచ్చేది ఎక్కువగా అలాగే. ధర చెప్పిన సాయంత్రానికే ఆయన ఫోన్ చేస్తాడు: “మనవాడేరా, కొంచెం చూడు.” ఆయనతో బేరం మొదలుపెడితే రెండు బేరాలు నడుస్తాయి, ఆయన తగ్గించిన ధర మీద డాక్టర్ గారు ఇంకాస్త తగ్గిస్తారు. ఆయనకు అంకెలేవీ చెప్పకుండా, “చూశానన్నా, ఒకటి ఉచితంగానే ఇచ్చాను, మిగతావి డాక్టర్ గారికి రాసి పంపాను, ఆయన ఇష్టం” అంటే చాలు. ఆ మాట అక్షరాలా నిజం కాబట్టి ఆయన డాక్టర్ గారిని అడిగినా ఇబ్బంది లేదు. క్లినిక్ లోపల కూడా ఇదే జాగ్రత్త కావాలి. బావమరిది ఒకటి అడుగుతాడు, మేనేజర్ ఇంకోటి అంటాడు. అదనపు పనికి ‘సరే’ అనే అధికారం ఎవరిదో మొదటి కోట్‌లోనే ఒక్క పేరు రాయించుకుంటే, మిగతావాళ్ళు అడిగిన ప్రతిసారీ “తప్పకుండా సార్, డాక్టర్ గారిని ఒక నంబర్ పెట్టమనండి” అని నవ్వుతూ చెప్పొచ్చు.

శుక్రవారం దాటినా జవాబు రాకపోతే గుర్తుచేస్తూ ఒక్క మెసేజ్ చాలు: “బుకింగ్ గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి ప్రస్తుతానికి వాట్సాప్ బటన్‌తో 20న అప్పగిస్తున్నాను.” అప్పగించాక మూడు నాలుగు వారాలకు, ఆ బటన్ ద్వారా ఎన్ని మెసేజులు వస్తున్నాయో రిసెప్షన్‌లో కనుక్కోండి. రోజుకు రెండు మూడే అయితే ఇంకేమీ అమ్మక్కర్లేదు. పాతిక దాటి, వాటికి జవాబివ్వలేక ఆ అమ్మాయి అవస్థ పడుతుంటే, అదే కోట్‌ని కొత్త తేదీతో మళ్ళీ పంపండి.